ప్రమాణం తప్పినోడి చీటీ

మాది తిరుపతిలో చిన్న ఫ్లెక్సీ అంగడి. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, సంవత్సరీకాలు, లీడర్ల ఫోటోలు, ఎవరికి ఏ మాట కావాలన్నా అడుగుకింత అని కొట్టిచ్చేస్తాం. అందుకే సిగరెట్ మానేద్దాం అనుకున్నప్పుడు నాకు ముందుగా తట్టింది కూడా అదే, ఒక మాట ప్రింట్ కొట్టి కళ్ళెదురుగా పెట్టుకోవడం. ఏదో వీడియోలో విన్న మూడు లైన్లు, "నేను సిగరెట్ తాగను. నాకు సిగరెట్ అంటే అసహ్యం. నా మనసు ఉక్కులాంటిది" అని ఎర్రటి బోల్డ్ అక్షరాల్లో కొట్టి, లామినేషన్ చేసి సిస్టం పక్కన నిలబెట్టా. పొద్దున అంగడి తీయగానే మూడుసార్లు చదవాలి, అదీ రూలు. నాలుగో రోజు సాయంత్రం ఒకాయన డిజైన్‌లో ఫోటో మార్చమని ఆరోసారి పంపాడు. నేను ఒకటి వెలిగించా. యాష్‌ట్రే ముందే పారేసి ఉన్నా కదా, చేతికి ఏదీ దొరక్క ఆ లామినేషన్ షీట్‌నే టేబుల్ మీద పడుకోబెట్టి దానిమీదే బూడిద రాల్చా. సరిగ్గా "ఉక్కులాంటిది" అన్న చోట.

దీని గురించి రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటా ఉన్నా. సిగరెట్ మానేవాళ్ళకి ఇచ్చే ఈ పాజిటివ్ మాటలున్నాయి చూడండి, అఫర్మేషన్లంటారు, వాటిల్లో చాలావరకు ఒక్క సిగరెట్‌తో అబద్ధం అయిపోయే మాటలు. నా వాదన ఏందంటే, మనం చెప్పుకునే మాట ఏదైనా తాగిన రోజు రాత్రి కూడా నిజంగా నిలబడేలా ఉండాలి, లేకపోతే ఆ మాటే మనల్ని రెండో సిగరెట్ దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది.

ముందు ఆ "అసహ్యం" సంగతి చూద్దాం. నాకు సిగరెట్ అంటే అసహ్యం లేదు. పొద్దున టీ తో కొట్టే మొదటి దమ్ము నాకు చాలా ఇష్టం, అది నాకు తెలుసు, నా మనసుకీ తెలుసు. అట్లాంటప్పుడు అసహ్యం అసహ్యం అని చదువుతా ఉంటే లోపల ఒకడు కూర్చుని "ఎవురికి చెప్తా ఉండావు రా" అని నవ్వుతా ఉంటాడు. ఇది నా ఒక్కడి బాధ కాదు. 2009లో కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీకి చెందిన జోఆన్ వుడ్ అనే సైకాలజీ ప్రొఫెసర్, ఇంకో ఇద్దరు కలిసి ఒక స్టడీ వేశారు. "నేను ప్రేమించదగ్గ మనిషిని" అన్న మాటని కొందరిచేత మళ్ళీ మళ్ళీ అనిపించారు. తమ మీద తమకి మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళకి కొంచెం బాగనిపించింది, ఆ అభిప్రాయం తక్కువున్నవాళ్ళకి, అంటే ఆ మాట ఎవరికి అవసరమో వాళ్ళకే, ఆ మాట అననివాళ్ళ కంటే మూడ్ ఇంకా దిగజారింది. నమ్మని మాట అనిపిస్తే మనసు ఊరుకోదు, ఎదురు సాక్ష్యాలు తీసుకొచ్చి ముందర పెడుతుంది. పదిహేడేళ్ళు తాగినోడి దగ్గర ఎదురు సాక్ష్యాలకి కరువా.

సరే, ప్రింట్ మాటతో కాలేదు, దేవుడితోనే పని అనుకున్నా. మా అత్తగారిది చిత్తూరు, ఆడినుంచి కాణిపాకం పది పన్నెండు కిలోమీటర్లే. ఈ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, కాణిపాకం వినాయకుడంటే ప్రమాణాల దేవుడు. అప్పు తీసుకుని లేదన్నోడు ఆడికొచ్చి తల మీద నీళ్ళు పోసుకుని ప్రమాణం చేయమంటే వణికిపోతాడు. తాగుడు మానేస్తామని, పేకాట మానేస్తామని కూడా అక్కడ ప్రమాణం చేస్తారు, చేసి నిలబెట్టుకున్నోళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. నేనూ పోయా. స్నానం చేసి, తడిబట్టలతో నిలబడి, ఈ జన్మలో ఇంక సిగరెట్ ముట్టను స్వామీ అని చెప్పుకుని వచ్చా.

ఇరవైరెండు రోజులు ముట్టలేదు. ఇది మామూలు విషయం కాదు, ఇప్పటికీ ఆ ఇరవైరెండు రోజులకి నేను విలువ ఇస్తా. ఇరవైమూడో రోజు చిత్తూరులో మా బామ్మర్ది పెళ్ళి. రాత్రి పదకొండు దాటినాక, వంటోళ్ళు పొద్దుటికి కూరగాయలు తరుగుతా ఉంటే మేం నలుగురం మిద్దె ఎక్కాం. ఎవడో ప్యాకెట్ తీశాడు. ఎవడూ నన్ను బలవంతం చేయలేదు, ఆ మాట అంటే పాపం. నేనే చెయ్యి చాపా. ఒక్కటే తాగా.

అసలు కథ ఆ ఒక్కదానిది కాదు. పొద్దున లేచినాక నా బుర్రలో నడిచిన లెక్క ఇది. ప్రమాణం తప్పినా. తప్పింది తప్పినట్టే, సగం తప్పడం అంటూ ఉండదు. ఇంక ఒకటి తాగితే ఏంది, పది తాగితే ఏంది. మునిగినోడికి చలేంది అని మన పెద్దోళ్ళు అననే అన్నారు. తొమ్మిది గంటలకి మండపం ఎదురు బంకులో ప్యాకెట్ కొన్నా. అక్కడినుంచి ఏడు నెలలు, ముందు రోజుకి పది తాగేవాణ్ణి, ఇప్పుడు పద్నాలుగు. అందులో కొన్ని మాత్రం సిగరెట్ కోసం తాగినవి కాదు, ప్రమాణం తప్పినానన్న ఆలోచన రాకుండా ఉండటానికి తాగినవి. ఇంకో గొడవ, ఏడు నెలలూ కాణిపాకం మీదుగా పోవాల్సి వస్తే వేరే రోడ్డు పట్టుకునేవాణ్ణి.

మునిగినోడికి చలేంది అన్న ఈ రోగానికి సైకాలజీలో పేరుంది. అమెరికాలో అలన్ మార్లాట్ అనే ఆయన తాగుడు, సిగరెట్ లాంటి అలవాట్ల మీద పనిచేశాడు, 1985లో ఇంకొకావిడతో కలిసి దీని మీద పెద్ద పుస్తకమే తెచ్చాడు. ఆయన ఒకసారి జారడాన్ని, పూర్తిగా పాత దోవలో పడిపోవడాన్ని విడదీశాడు. మొదటిదాన్నుంచి రెండోదానికి పోవడానికి కారణం నికోటిన్ ఒక్కటే కాదు, జారినాక మనిషి తనకి తాను చెప్పుకునే కథ కూడా అన్నాడు. "నేనింతే, నా వల్ల కాదు, నాలో లోపముంది" అని చెప్పుకున్నోడు పడిపోతాడు, "పెళ్ళి, రాత్రి పదకొండు, మిద్దె, ఎదురుగా తెరిచిన ప్యాకెట్, నా దగ్గర ఏ ప్లానూ లేదు" అని చెప్పుకున్నోడికి లేచే దారి ఒకటి మిగులుతుంది. రెండూ అదే రాత్రి గురించే. మొదటిది తీర్పు, రెండోది పంచనామా.

నేను కాణిపాకంలో చేసిన తప్పు ప్రమాణం చేయడం కాదు. ఆ ప్రమాణంలో తప్పినాక ఏం చేయాలో ఒక్క ముక్క కూడా పెట్టుకోకపోవడం.

ఇక్కడ ఒక్క మాట. ఇది చదివి ఎవరన్నా "ఓహో, అయితే ఒకటి తాగినా పర్లేదు" అనుకుంటారేమో, పర్లేదు అని నేను అనడం లేదు. మొదటి రెండు వారాల్లో ఒకటి రెండు తాగినవాళ్ళల్లో ఎక్కువమంది మళ్ళీ పాత లెక్కకే పోతారని, నికోటిన్ ప్యాచ్ వాడినవాళ్ళ మీద చేసిన స్టడీల్లో గట్టిగానే తేలింది. జారడం నిజంగానే డేంజర్. "ఫర్వాలేదు నాన్నా, నిన్ను నువ్వు క్షమించుకో" టైపు తియ్యటి మాటలు కూడా నాకు పనికిరాలేదు, అవి కూడా ఒకరకం అబద్ధమే, ఎందుకంటే ఫర్వా ఉంది. కాబట్టి నాకు కావాల్సిన మాట ఈ రెండిటి మధ్యలో ఉండాలి, అయిపోయింది అనకూడదు, ఏం కాలేదు అనకూడదు. చాలా రోజులు కొట్టి తుడిచి కొట్టి తుడిచి చివరికి తేలింది ఇది: "ఒకటి తాగాను. రెండోది ఇంకా తాగలేదు."

చూడ్డానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. కానీ దీంతో వాదించడానికి లోపలోడికి ఏమీ దొరకదు. రెండు ముక్కలూ నిజం. మొదటి ముక్క దాచిపెట్టదు, రెండో ముక్క పని ఎక్కడుందో చూపిస్తుంది.

ఇంకో రకం మాటలు నాకు కొండ నేర్పింది. తిరుపతిలో సిగరెట్ తాగే ప్రతివాడికీ తెలిసిన సంగతే. కొండమీద సిగరెట్, మందు, మాంసం ఏదీ కుదరదు, అలిపిరి చెకింగ్‌లో బ్యాగులు చూస్తారు, సిగరెట్లుంటే అక్కడే తీసేస్తారు. (దాచి తీసుకుపోయే మహానుభావులు లేరా అంటే ఉన్నారు, వాళ్ళ సంగతి వాళ్ళకీ స్వామికీ వదిలేద్దాం.) నేను కింద ఉంటే గంటంబావుకి ఒకటి పడకపోతే చేతులు ఆడనోణ్ణి, ఒక శనివారం సర్వదర్శనానికి పోయి కంపార్ట్‌మెంట్లో కూర్చుని, దర్శనం చేసుకుని, లడ్డు తీసుకుని బయటపడేసరికి పద్దెనిమిది గంటలు అయ్యింది. అంతసేపు సిగరెట్ గుర్తు రాలేదు అంటే అబద్ధం, రెండు మూడుసార్లు వచ్చింది, పోయింది. కానీ దిగేటప్పుడు చూడాలి. బస్సు ఘాట్ రోడ్డు ఆఖరి మలుపుల్లోకి వచ్చేసరికి నోరు ఎండిపోయింది, కాళ్ళు ఆడిస్తా ఉన్నా, అలిపిరిలో గరుడ విగ్రహం కనపడగానే డ్రైవర్‌ని ఆపమందామా అన్నంత పని అయ్యింది. పద్దెనిమిది గంటలు ఓర్చుకున్నోణ్ణి పద్దెనిమిది నిమిషాలు ఓర్చుకోలేకపోయా.

ఇజ్రాయెల్‌లో రూవెన్ దార్ అనే ప్రొఫెసర్, ఆయన టీం సరిగ్గా ఇదే విషయాన్ని విమానాల్లో పనిచేసే సిగరెట్ తాగే సిబ్బంది మీద చూశారు, 2010లో వచ్చింది. చిన్న ఫ్లైట్లలో, పొడుగు ఫ్లైట్లలో ఎప్పుడెప్పుడు ఎంత తాగాలనిపిస్తోందో రాసుకోమన్నారు. చిన్న ఫ్లైట్ దిగబోయే ముందు కోరిక బాగా పెరిగింది. పొడుగు ఫ్లైట్లో అన్నే గంటలు గడిచేసరికి అంత లేదు, అది కూడా దిగబోయే ముందే పెరిగింది. అంటే ఒంట్లో నికోటిన్ ఎంత తగ్గింది అన్నదానికంటే, ఇంకెంతసేపట్లో తాగొచ్చు అన్న ఆశే ఎక్కువ పనిచేస్తోంది. మన అలిపిరి గరుడుణ్ణి వాళ్ళు విమానంలో కనిపెట్టారన్నమాట.

ఇది తెలిసినాక, ఇట్లాంటి మాటలు రాసుకునే నా చీటీలోకి ఇంకో లైను చేరింది. "పోయిన శనివారం పద్దెనిమిది గంటలు తాగకుండా ఉన్నాను." ఇది కూడా అఫర్మేషనే, కాకపోతే రేపటి గురించి కోతలు లేవు, జరిగిపోయిన పని. మనసు ఉక్కు అంటే లోపలోడు నవ్వుతాడు, పద్దెనిమిది గంటలు అంటే నోరు మూసుకుంటాడు, ఎందుకంటే వాడు కూడా కంపార్ట్‌మెంట్లో నా పక్కనే కూర్చున్నాడు. దానికింద ఇంకోటి, "ఇప్పుడు తాగాలనిపిస్తా ఉంది, ఎందుకంటే బంకు కనపడింది." కోరికని కాదనకుండా దానికి అడ్రస్ రాయడం. ఒక్కో కోరిక కొన్ని నిమిషాలే గట్టిగా ఉంటుంది, ఆ నిమిషాలు దాటడానికి ఈ లైను చాలు. చాలాసార్లు చాలింది. ప్రతిసారీ కాదు.

రెండోసారి మానేసినప్పుడు ఒక్క మాటల్నే నమ్ముకోలేదు, ఇది ముఖ్యం. మాటలు నికోటిన్ పని చేయవు. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి పోయా. ఆయన అడిగిన మొదటి ప్రశ్న రోజుకి ఎన్ని అని కాదు, నిద్ర లేచినాక ఎంతసేపటికి మొదటిది అని. పదిహేను నిమిషాల్లోపే సార్ అన్నా. అర్ధగంటలోపే మొదటిది పడేవాళ్ళకి రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ ఆనదు, నాలుగు మిల్లీగ్రాములది వాడు అని రాశారు. మొదటి వారాల్లో గంటకో రెండు గంటలకో ఒకటి, మొత్తం పన్నెండు వారాలు, మెల్లగా తగ్గించుకుంటా రావాలి అన్నారు. దాన్ని బబుల్‌గమ్‌లా నమిలితే ఎక్కిళ్ళు, కడుపులో మంట తప్ప ఏమీ రాదు, నేను మొదటిరోజు అదే చేశా. నెమ్మదిగా నమిలి, నాలిక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపేసి, మా అవ్వ ఆకు వక్క పెట్టుకున్నట్టు బుగ్గన పెట్టుకోవాలి. చురుకు పోయినాక మళ్ళీ రెండు నములు, మళ్ళీ బుగ్గన. అట్లా అర్ధగంట. దానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగకూడదు, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగా ఎక్కదంట. నేనేమో టీ తాగి, ఆ టీ తో సిగరెట్ గుర్తొచ్చి, వెంటనే గమ్ వేసుకుని, ఇది పనిచేయడం లేదే అని తిట్టుకునేవాణ్ణి.

టీ గురించే ఇంకో మాట, నిద్ర పట్టడం లేదు సార్ అంటే ఆయన నవ్వి టీ సగం చేయమన్నారు. సిగరెట్ పొగ వల్ల ఒంట్లో కెఫీన్ తొందరగా ఖర్చయిపోతా ఉంటుంది, మానేసినాక అదే ఆరు టీలు ఒంట్లో చాలాసేపు ఉండిపోతాయి, గుండె దడ, నిద్ర లేకపోవడం అన్నీ సిగరెట్ మానడం వల్లే అనుకుంటాం. టీ మూడుకి తెచ్చా, నాలుగో రోజుకి నిద్ర పట్టింది. ఈ ఒక్క ముక్క ముందే ఎవరన్నా చెప్పి ఉంటే ఎన్ని రాత్రులు కలిసొచ్చేవో.

శుక్రవారం మొదలుపెట్టా. జేబులో ఏటీఎం కార్డు సైజు చీటీ, రెండు వైపులా ప్రింట్. ముందు వైపు మామూలు రోజుకి, పద్దెనిమిది గంటల లైను, బంకు కనపడింది లైను. వెనక వైపు తాగిన రోజుకి. వెనక వైపు తాగకముందే రాసిపెట్టుకోవడమే నా మొత్తం కిటుకు, ఎందుకంటే తాగిన గంటలో మన బుర్ర రాసే మాటలు అస్సలు నమ్మదగ్గవి కావు.

పన్నెండో రోజు, మంగళవారం, మధ్యాహ్నం మూడు నలభై. పది బై ఆరు ఫ్లెక్సీ ఒకటి కొట్టినాక ఆ పార్టీ వచ్చి పేరులో తప్పుంది, డబ్బులివ్వను అన్నాడు. ఆ తప్పు వాళ్ళు వాట్సాప్‌లో పంపిన దాంట్లోనే ఉంది. అరుచుకున్నాం. వాడు పోయినాక నేను గమ్ డబ్బా డ్రాయర్లోనే వదిలేసి రోడ్డు దాటి బంకుకి పోయా. లూజు ఒకటి. తాడుకి వేలాడే లైటర్‌తో వెలిగించుకున్నా. ముప్పావు అయ్యాక గుర్తొచ్చింది జేబులో చీటీ ఉందని, నిజం చెప్పాలంటే గుర్తు ముందే ఉంది, ముప్పావు దాకా తియ్యలేదు. తీసి తిప్పా. వెనక వైపు ఇట్లా ఉంటుంది:

"ఒకటి తాగాను. రెండోది ఇంకా తాగలేదు. ప్యాకెట్ కొనలేదు, కొనుంటే ఇప్పుడే పారేస్తాను. గమ్ ఆపను. టైము, చోటు రాస్తాను. రాత్రిలోపు ఇంట్లో చెప్తాను. మళ్ళీ మొదలు ఇప్పుడే."

మిగిలిన పావు కాలికింద నలిపా. అంగడికొచ్చి క్యాలెండర్ మీద రాశా, "3.40, బంకు, ఫ్లెక్సీ గొడవ, గమ్ డ్రాయర్లో". ఆ ఆఖరి ముక్క చూడండి, రాసుకుంటే తప్ప కనపడేది కాదు, ఆరోజు నుంచి గమ్ చొక్కా జేబులోకి మారింది. ఒకటి తాగినంత మాత్రాన గమ్ ఆపేయక్కర్లేదు అని డాక్టర్ ముందే చెప్పి ఉన్నారు, చాలామంది ఆ రోజే మందు ఆపేసి సిగరెట్ ఒక్కదాన్ని ఉంచుకుంటారంట, నేను కూడా అదే బాపతు.

"మళ్ళీ మొదలు ఇప్పుడే" అన్నదాని దగ్గర నాకు నవ్వొచ్చింది. మనకి ఏది మొదలుపెట్టాలన్నా మంచిరోజు కావాలి కదా. ఒకటో తేదీ నుంచి మానేస్తా, ఉగాది నుంచి మానేస్తా, ఈ అమావాస్య పోనీ. తాగినోడికి ఈ వాయిదాలు బంగారం, వచ్చే సోమవారం అన్నామంటే ఆదివారం రాత్రిదాకా లైసెన్సు. నేను మళ్ళీ మొదలుపెట్టింది మంగళవారం మూడు యాభైకి, గోడమీద క్యాలెండర్లోనే రాసుంది, మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం. ఆ రాహుకాలంలో మొదలైంది మూడు వారాలు నిలబడింది, తడిబట్టలతో మొదలుపెట్టిన దానికి దాదాపు సమానం.

రాత్రి ఇంట్లో చెప్పాలి. మా ఆవిడ నాకు మేనమామ కూతురు, ఇప్పటికీ బావా అనే పిలుస్తుంది. అన్నం పెడతా ఉంటే చెప్పా.

"ఈరోజు ఒకటి తాగినా."

గరిటె ఆగింది. "ఒకటేనా?"

"ఒకటే. ముప్పావు."

"ముప్పావు లెక్క నాకెందుకు బావా," అని పప్పు వేసింది. కాసేపు ఆగి, "ఎప్పుడు?"

"మూడు నలభైకి."

"ఆ పైన?"

"లేదు."

"సరే, నెయ్యి వేసుకో."

ఇంతే. ఆమె "నాకు నీ మీద నమ్మకముంది" అని కూడా అనలేదు, అనకపోవడమే నాకు మేలైంది. కాణిపాకం తరవాత ఏడు నెలలూ ఆమెకి తెలుసు, నేను దాస్తున్నానని తెలుసు, నేను బాత్రూంలో అగరబత్తి వెలిగించేవాణ్ణి. ఆ నమ్మకం మాట వింటే దాచాలనిపిస్తుంది, "ఎప్పుడు, ఎన్ని" అని మామూలు గొంతుతో అడిగితే చెప్పాలనిపిస్తుంది. ఇంట్లో ఎవరన్నా మానేస్తా ఉంటే, దయచేసి ఆ ప్రశ్నని ఆ గొంతుతో అడగండి.

లెక్క సంగతి. యాప్‌లు ఉంటాయి, ఒకటి తాగినావంటే సున్నా అయిపోతుంది నీ స్ట్రీక్. నలభై రోజులు పోయి సున్నా చూస్తే ఎవడికైనా మునిగినట్టే ఉంటుంది. నేను రెండు నంబర్లు రాస్తా, మొదలుపెట్టి ఎన్ని రోజులు, తాగినవి ఎన్ని. నలభై ఒకటో రోజున నా క్యాలెండర్ మీద "41 రోజులు, 2 సిగరెట్లు" అని ఉంది. పాత లెక్కన రోజుకి పద్నాలుగు అంటే 574. రెండు నంబర్లూ నిజం, ఏదీ చెరపను.

కానీ ఈ రెండో నంబరుతోనే నన్ను నేను మోసం చేసుకోబోయా, అది కూడా చెప్పాలి. పన్నెండు వారాలు వాడమన్న గమ్‌ని బాగానే ఉన్నా కదా అని ఏడు వారాలకి టక్కున ఆపేశా. యాభై ఎనిమిదో రోజు ఒకటి, అరవై ఒకటో రోజు ఒకటి, అరవై మూడో రోజు ఇంకోటి. ప్రతిసారీ చీటీ తిప్పి చదివి, క్యాలెండర్ మీద రాసి, చాలా నిజాయితీపరుణ్ణి అనుకున్నా. అరవై మూడోదానికి మాత్రం ఒక విషయం పట్టుకున్నా, ఆరోజు మధ్యాహ్నం రెండింటికే చిల్లర విడిగా జేబులో వేసుకున్నా, తాగింది ఆరింటికి. నాలుగు గంటల ముందే చిల్లర తీసిపెట్టుకున్నోడు జారలేదు, మెట్లు చూసుకుంటా దిగాడు. జారడం వేరే, దిగడం వేరే. ముందే ప్లాన్ చేశావా, ఒకే టైముకి ఒకే చోట జరుగుతా ఉందా, ఇంట్లో చెప్పడం వాయిదా పడుతోందా, ఈ మూడిట్లో ఏది కనపడినా చీటీ వెనక వైపు పనికిరాదు. అప్పుడు చెప్పుకోవాల్సిన నిజం వేరేది, "నేను మళ్ళీ తాగుతా ఉన్నాను." ఇది చెప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెప్పుకున్నాక డాక్టర్‌కి ఫోన్ చేశా, గమ్ మళ్ళీ మొదలుపెట్టించి ఈసారి తగ్గించడం వారానికొకటి చొప్పున రాసిచ్చారు. డాక్టర్ దాకా పోలేనోళ్ళకి సిగరెట్ ప్యాకెట్ మీదే ఒక నంబరుంటుంది, 1800-11-2356, మానేయడానికి సాయం చేసే గవర్నమెంట్ ఫోను, ఫ్రీ. పదిహేడేళ్ళు రోజూ ప్యాకెట్ తిప్పినోణ్ణి, 2018 నుంచి ఆ నంబరు నా చేతిలోనే ఉంది, ఒక్కసారీ చదవలేదు.

మా ఫ్రెండ్ ఒకడు ఈ చీటీ చూసి, "ఇది తాగడానికి పర్మిషన్ లెటర్ మామా" అన్నాడు. వాడు కాణిపాకంలో ఒక్కసారి ప్రమాణం చేసి పదకొండేళ్ళు అయ్యింది, ముట్టలేదు. వాడితో నేను వాదించను, వాడికి పనిచేసింది. నాకనిపించేది ఏందంటే ప్రమాణం వాడికి కొండలాంటిది, ఇంక దొరకదు అని మనసు ఒప్పేసుకుంది, ఆశ పోతే కోరికా పోయింది. నా మనసు అట్లా ఒప్పుకోలేదు, నాకు ఎప్పుడూ అలిపిరి కనపడతానే ఉంటుంది. ఒక్క ప్రమాణంతో మానేయగలిగినోళ్ళకి ఈ వ్యాసంతో పనేలేదు. ఇది ఒకసారి తప్పి, కాణిపాకం రోడ్డు తప్పించుకుని తిరిగేవాళ్ళకి.

ఆ రోడ్డులో నేను పోయిన నెల పోయా. దర్శనానికి నిలబడి, ఇంతకు ముందు చెప్పింది తప్పినాను స్వామీ, ఇప్పటికి ఇన్ని రోజులు, ఇన్ని సిగరెట్లు అని లెక్క చెప్పుకున్నా. కొత్త ప్రమాణం ఏమీ చేయలేదు. ఈ రోజుకి 203 రోజులు, 6 సిగరెట్లు. ఆరోది 107వ రోజున, మా పెద్దనాయన పోయినప్పుడు.

మొన్న మా అంగడికి మామూలుగా స్టిక్కర్లు కొట్టించుకునే ఆటో అన్న ఒకాయన టేబుల్ మీద నా పాత చీటీ చూసి, నాకూ ఒకటి కొట్టియ్ అన్నాడు. రెండు వైపులా కొట్టనా అంటే, "వెనకది వద్దు సామీ, అపశకునం మాట్లాడతావేంది" అన్నాడు. ముందు వైపే కొట్టి, వెనక తెల్లగా వదిలేసి లామినేషన్ చేసిచ్చా, ఇరవై రూపాయలు. తొమ్మిది రోజులకి మళ్ళీ వచ్చాడు. ఆటో ఆఫ్ చేయకుండానే లోపలికి తొంగి చూసి, చీటీ నా ముందు పడేసి, "ఆ వెనకది కూడా కొట్టు, కానీ నీ మాటలు కాదు, నావి రాసుకో" అన్నాడు. చెప్పమన్నా. ఆయన కాసేపు రోడ్డు వైపు చూసి, "రైల్వే స్టేషన్ స్టాండులో తాగినా. రెండు తాగినా. మూడోది చెవి వెనక ఉండాది" అని, చెవి వెనకనుంచి తీసి నా కీబోర్డు పక్కన పెట్టాడు.